ఒకే అట్టపెట్టె రాకెట్టై, కొట్టై, కానుకయ్యే కథను పిల్లల కోసం ఎలా రాయాలి

పిల్లల కథలు రాయడం మొదలుపెట్టినవారు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. ఒక పాప, ఒక అట్టపెట్టె. ఆ పెట్టె ముందు అంతరిక్ష నౌక అవుతుంది, తర్వాత కొట్టు అవుతుంది, చివరికి పిన్ని కొడుక్కో మేనత్త కూతురికో కానుక అవుతుంది. ఇంతవరకు అందరికీ తోస్తుంది. రాసి చూస్తే మాత్రం అది కథ కాకుండా మూడు ఆటల వరస అవుతుంది. చదివిన పిల్లలు "తర్వాత?" అని అడగరు. ఈ లోపం ఎక్కడ పుడుతుందో, దాన్ని ఎలా సరిచేయాలో ఒక పూర్తి కథను ఉదాహరణగా తీసుకుని ఇక్కడ వివరిస్తున్నాను. ఇది అయిదు నుంచి ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు చదివి వినిపించే కథ. ఆ వయసుకు నాలుగైదు వందల మాటలు సరిపోతాయి, ఆరు వందలు దాటితే బొమ్మలకు చోటు మిగలదు.

కావలసినవి

నిజమైన అట్టపెట్టె ఒకటి కావాలి. ఊహించుకున్నది పనికిరాదు. వాషింగ్ మిషనుదో ఫ్రిజ్‌దో దొరికితే మంచిది, ఎలక్ట్రానిక్ సామాను అమ్మే కొట్టులో అడిగితే ఇస్తారు. పన్నెండు గడులు గీసిన తెల్లకాగితం, కొలతల టేపు, పెన్సిలు దగ్గర ఉంచుకోండి. కథ పూర్తయ్యాక వినడానికి మీ సొంత పిల్లలు కాని పిల్లలు ఇద్దరు ముగ్గురు కావాలి, ఎందుకంటే సొంత పిల్లలు మీ ముఖం చూసి నవ్వుతారు.

1. ముందు పెట్టెను చదవండి.

కథ గురించి ఆలోచించకుండా పెట్టె చుట్టూ తిరిగి దాని మీద ఉన్నవన్నీ రాసుకోండి. పెద్ద సామాను వచ్చే పెట్టెల మీద సాధారణంగా మూడు గుర్తులు అచ్చు వేసి ఉంటాయి. పైకి చూపే రెండు బాణాలు పెట్టెను ఏ వైపు నిలబెట్టాలో చెబుతాయి. కాడ ఉన్న గాజు గ్లాసు లోపల పగిలే సామాను ఉందని చెబుతుంది. గొడుగు తడి తగలనీయవద్దని చెబుతుంది. చదవడం రాని పిల్లలు కూడా ఈ మూడింటినీ చూడగానే ఏదో ఒక అర్థం చెప్పుకుంటారు, ఆ అర్థమే మన కథకు ఆధారం. బాణాలు పైకి ఉన్నాయి కనుక ఇది పైకి పోయేది. గ్లాసు ఉంది కనుక ఇక్కడ తాగడానికి ఏదో దొరుకుతుంది. గొడుగు ఎందుకుందో మాత్రం వాన పడేదాకా తెలియదు.

కొలతలు కూడా తీసుకోండి. పైనుంచి బట్టలు వేసే రకం వాషింగ్ మిషను పెట్టె దాదాపు మూడడుగుల ఎత్తు, రెండడుగుల వెడల్పు ఉంటుంది. అందులో ఏడేళ్ల పాప కూర్చుంటే పూర్తిగా కనబడకుండా పోతుంది, నిలబడితే తల బయటికి వస్తుంది. నాలుగేళ్ల పిల్లవాడు మునివేళ్ల మీద లేస్తే లోపలికి తొంగిచూడగలడు. ఈ మూడు సంగతులూ కథలో అక్కరకు వస్తాయి.

వేరే పెట్టె అయితే కథ కూడా వేరే అవుతుంది. టీవీ పెట్టె పలచగా ఉంటుంది, అందులో ఎవరూ కూర్చోలేరు కనుక రాకెట్ కాలేదు. అది తోలుబొమ్మలాట తెర కాగలదు. చెప్పుల పెట్టె అయితే పాప లోపలికి వెళ్లలేదు, బొమ్మలను ఎక్కించవలసి వస్తుంది. మీకు దొరికిన పెట్టె ఏది కాగలదో అదే రాయండి.

2. ఊరు, కాలం, చుట్టరికం తేల్చుకోండి.

రాకెట్ అనగానే తారలు, గ్రహాలు, పచ్చరంగు మనుషులు వచ్చేస్తే ఆ పాప ఎక్కడిదో తెలియకుండా పోతుంది. నేను పాపను సూళ్లూరుపేటలో పెట్టాను. అక్కడి పిల్లలకు రాకెట్ తెలియాలంటే పుస్తకం అక్కరలేదు, మిద్దె ఎక్కితే శ్రీహరికోట నుంచి లేచేది కనబడుతుంది. పైగా ముందు వెలుగు కనబడి, చప్పుడు ఆలస్యంగా వినబడుతుంది. గాలిలో శబ్దానికి కిలోమీటరు దాటడానికి సుమారు మూడు సెకన్లు పడుతుంది. ప్రయోగ కేంద్రం ఆ ఊరికి 20 కిలోమీటర్లకు అటూఇటూగా ఉంటుంది కనుక, రాకెట్ లేచిన దాదాపు నిమిషానికి గాని ఉరుము లాంటి ఆ మోత చేరదు. ఆ ఆలస్యం అక్కడి పిల్లల అనుభవం. దాన్ని ఆటలో పెడితే ఆ రాకెట్ ఆ పాపదే అవుతుంది. మీ కథ వరంగల్‌లోనో విశాఖలోనో జరిగితే, 2023 జులై 14న బయలుదేరి ఆగస్టు 23న చంద్రుడి మీద దిగిన చంద్రయాన్-3ను టీవీలో చూసిన పాపను తీసుకోండి. ఆ పాప ఆటలో రాకెట్ లేవడం కన్నా దిగడం, దిగాక అందరూ చప్పట్లు కొట్టడం ముఖ్యమవుతాయి.

కాలం కూడా సరిచూసుకోవాలి. మన కథకు వాన కావాలి, పులికాట్ సరస్సులో ఫ్లెమింగోలు కావాలి, చుట్టాలు రావాలి. నెల్లూరు వైపు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి, పక్షులు కూడా ఆ వానలతోనే రావడం మొదలవుతుంది. అందుచేత దీపావళి కుదిరింది. ఎండాకాలం సెలవులని రాసి ఉంటే పక్షులనూ వాననూ రెండింటినీ వదులుకోవలసి వచ్చేది.

కానుక అందుకునేది ఎవరో స్పష్టంగా నిర్ణయించండి. మేనత్త కొడుకైతే బావ అవుతాడు, పక్కన ఉన్న పెద్దవాళ్లు వేళాకోళం మొదలుపెడతారు, కథ అటు జారుతుంది. పెదనాన్న కూతురు అక్క అయితే పెద్దదానికి చిన్నది ఇవ్వడం అవుతుంది, అందులో మెప్పు కోసం ఇచ్చిన ఛాయ వస్తుంది. పిన్ని కొడుకు, నాలుగేళ్ల తమ్ముడు, అన్నింటికన్నా తేలిక. వాడు "అక్కా" అంటూ వెంట తిరుగుతాడు, చెప్పినదానికి ఎదురు చెప్పే వయసు అప్పుడే వస్తోంది. చివర్లో మనకు ఆ ఎదురు కావాలి.

పేర్లు పిల్లలు కూడబలుక్కుని చదవగలిగేలా ఉండాలి. లలిత, వాసు వంటి పేర్లలో ఒత్తులు లేవు.

3. రెండు మార్పుల మధ్య "అందువల్ల" పెట్టి చూడండి.

అన్ని మెట్లలోనూ కష్టమైనది ఇదే, ఎక్కువ కథలు ఇక్కడే పాడవుతాయి. మీ కథను మూడు వాక్యాల్లో రాసుకోండి. "లలిత పెట్టెతో రాకెట్ చేసింది. తర్వాత కొట్టు పెట్టింది. తర్వాత తమ్ముడికి ఇచ్చేసింది." ఇందులో "తర్వాత" తీసేసి "అందువల్ల" అని పెట్టి చదవండి. రాకెట్ చేసింది, అందువల్ల కొట్టు పెట్టింది అంటే అర్థం లేదు. అంటే ఆ రెంటినీ కలిపే సంఘటన ఇంకా దొరకలేదన్నమాట.

ఆ సంఘటన బయటి నుంచి రాకూడదు, పెట్టెకే ఏదో జరగాలి. పాపకు విసుగు పుట్టి ఆట మార్చిందని రాస్తే వినే పిల్లలకూ విసుగే మిగులుతుంది. అట్ట తడిస్తే మెత్తబడుతుంది, ఊడుతుంది. అది అట్ట స్వభావం, దాన్నే వాడుకోండి. రాత్రి వానకు పెట్టె అడుగు నానింది. అందువల్ల లలిత లోపలికి దిగగానే అడుగు ఊడింది. అడుగు లేని రాకెట్ పైకి పోదు. అయితే అడుగు లేని పెట్టెలో నేల మీదే నిలబడవచ్చు, తల పైకి వస్తుంది, రాకెట్ కిటికీ చేయి చాపడానికి సరిపోతుంది. అందువల్ల అది కొట్టు అయింది. మళ్లీ, అడుగు లేదు కనుక పెట్టెను ఇట్టే అణచి మడవవచ్చు. అందువల్ల తమ్ముడు దాన్ని నెల్లూరులోని తన ఇంటికి తీసుకుపోవచ్చు. ఒక్క చిరుగు రెండు మార్పులకు కారణమైంది. ఇలాంటి చిరుగు దొరికేవరకు రాయడం మొదలుపెట్టవద్దు.

వాన వద్దనుకుంటే వేరే దారులున్నాయి. ఇంట్లో మేక ఉంటే ఒక వైపు నమిలేయవచ్చు. అన్న సైకిలు నేర్చుకుంటూ గుద్దితే పెట్టె చొట్టపడవచ్చు. అమ్మ పాత సామాన్లవాడికి వేయబోతుంటే సగం దక్కవచ్చు. ఏది తీసుకున్నా ఆ నష్టం వల్ల పెట్టెకు కొత్త పని ఒకటి రావాలి.

4. రాకెట్ భాగంలో "అనుకుంది" అనే మాట వాడకండి.

"లలిత తాను ఆకాశంలో ఎగురుతున్నట్టు ఊహించుకుంది" అని రాసిన క్షణాన రాకెట్ నేల మీద ఉండిపోతుంది. ఆటలో ఉన్న పిల్లలు ఊహిస్తున్నామని చెప్పుకోరు. "రాకెట్ లేచింది" అని నేరుగా రాయండి. అదే సమయంలో అట్టపెట్టె అట్టపెట్టెగానే ఉండాలి, అమ్మ అన్నానికి పిలిస్తే దిగి రావాలి. ఈ రెంటినీ ఒకేసారి నిలబెట్టడానికి మంచి ఉపాయం ఆటలో చేరే పెద్దమనిషి ఒకరు ఉండడం. ఇక్కడ తాత లెక్కపెడతాడు, చప్పుడు చేస్తాడు. ఆయన నవ్వకూడదు, పాప వెనకాల అమ్మకు కన్ను గీటకూడదు.

జాగ్రత్త: చివర్లో "ఇదంతా కల" అని తేల్చే పద్ధతిని పూర్తిగా మానేయండి. కలలో వచ్చిన రాకెట్‌కు పెట్టెతో పని ఉండదు, దానికి అడుగు ఊడదు.

5. కొట్టు భాగంలో లెక్కల పాఠం పెట్టకండి.

కొట్టు అనగానే కూడికలు తీసివేతలు నేర్పాలనే కోరిక పెద్దలకు కలుగుతుంది. పిల్లలకు ఆ ఆటలో నచ్చేది లెక్క కాదు, బేరం. బోణీ ఎవరిది, అప్పు ఇవ్వాలా వద్దా, ధర ఎవరు చెప్పాలి అన్నవే వాళ్లకు ముఖ్యం. డబ్బుకు బదులు చింతపిక్కలు పెట్టండి, ఇప్పటికీ చాలా ఇళ్లలో దొరుకుతాయి. సరుకు ఒక్కటే ఉంటే చాలు. మజ్జిగ, దాన్ని వంచడానికి ఒక చిన్న చెంబు. ఆ చెంబు చివర్లో మళ్లీ రావాలి కనుక ఇక్కడ ఒక్కసారైనా పేరు చెప్పి చూపించాలి.

ఈ ఆటను మొదలుపెట్టేది తమ్ముడు కావాలి. పెట్టె మీది గ్లాసు బొమ్మను వాడే చూడాలి. అలా చేస్తే కానుక వచ్చేసరికి ఆ పెట్టెలో వాడికీ కొంత హక్కు ఏర్పడి ఉంటుంది.

6. కానుక ఇవ్వడం పాపకు కొంచెం కష్టమనిపించాలి.

ఎక్కువమంది పొరబడే చోట్లలో ఇది ఒకటి. అమ్మ పక్కన కూర్చుని "పంచుకోవాలమ్మా" అని చెబితే పాప చేసేది అమ్మ పని అవుతుంది. తమ్ముడికి బొమ్మలు లేవని, పేదవాడని రాస్తే అది జాలి అవుతుంది, వినే పిల్లల్లో బొమ్మలు లేనివాళ్లు తల దించుకుంటారు. పెట్టెలో ఏదైనా కొన్న వస్తువు పెట్టి ఇస్తే పెట్టె మళ్లీ ఉత్త పెట్టె అయిపోతుంది. పెట్టెనే ఇవ్వాలి, అది పాపకు ఇష్టమైనదై ఉండాలి, ఇవ్వమని ఎవరూ చెప్పకూడదు.

ఇచ్చాక ఇంకొక మెట్టు ఉంది. తమ్ముడు ఆ పెట్టెను అక్క ఆడినట్టే ఆడితే, పాప పెట్టెను ఇచ్చిందే గాని దాని మీద పెత్తనం ఇవ్వలేదన్నమాట. వాడు దాన్ని తలకిందులుగా నిలబెట్టాలి, బాణాలు కిందికి తిరగాలి. దాన్ని సరిచేయాలని అక్క చెయ్యి ముందుకు పోవాలి. ఆ చెయ్యి వెనక్కి రావడమే అసలైన ఇవ్వడం. దాన్ని మాటల్లో వివరించవద్దు, చెయ్యిని చూపించి వదిలేయండి.

7. గడుల్లో పంచి, తర్వాత రాయండి.

పన్నెండు గడుల కాగితంలో రాకెట్‌కు నాలుగు, వానకు ఒకటి, కొట్టుకు మూడు, కానుకకు నాలుగు కేటాయించండి. ఒక్కో గడిలో ఏం జరుగుతుందో ఒకే వాక్యం రాయండి. బొమ్మలో కనబడేదాన్ని మళ్లీ మాటల్లో చెప్పకండి. కథనం పుస్తక భాషలో సాగినా మాటలు ఆ ఊరివిగా ఉండాలి. నెల్లూరు వైపు కనుక "ఏంది", "పొయ్యేది" వంటివి ఒకటి రెండు చాలు. ప్రతి వాక్యంలోనూ యాస పెడితే వేరే జిల్లా పిల్లలు చదవలేక ఆగిపోతారు.

ఈ ఏడు మెట్ల ప్రకారం రాసిన కథ ఇది.

లలిత పెట్టె

లలిత ఇంటికి కొత్త వాషింగ్ మిషను వచ్చింది. మిషను ఇంట్లోకి పోయింది. పెట్టె వరండాలో మిగిలింది.

పెట్టె మీద రెండు బాణాలున్నాయి. రెండూ పైకే చూపిస్తున్నాయి.

"తాతా, ఇది పైకి పొయ్యేది" అంది లలిత.

పైకి పోయేవి లలితకు బాగా తెలుసు. వాళ్ల మిద్దె మీద నిలబడితే శ్రీహరికోట రాకెట్లు కనబడతాయి. ముందు వెలుగు వస్తుంది. చాలాసేపటికి చప్పుడు వస్తుంది.

తాత పెట్టెకు గుండ్రటి కిటికీ కోశాడు. లలిత లోపల కూర్చుంది.

"పది, తొమ్మిది, ఎనిమిది..." తాత లెక్కపెట్టాడు. "సున్నా!"

రాకెట్ లేచింది.

లలిత కిటికీలోంచి తల బయట పెట్టింది. "తాతా, చప్పుడేదీ?"

"ఇంకా నా దగ్గరికి రాలేదమ్మా" అన్నాడు తాత. గోడ గడియారం చూశాడు. కళ్లజోడు తుడుచుకున్నాడు. అప్పుడు, "ఢబఢబఢబఢబ!" అన్నాడు.

మిద్దె కిందికి పోయింది. కొబ్బరిచెట్టు కిందికి పోయింది. పులికాట్ సరస్సు పళ్లెమంత అయింది. ఫ్లెమింగోలు గులాబీ చుక్కలయ్యాయి.

"లలితా, అన్నానికి దిగు!" అంది అమ్మ.

రాకెట్ దిగింది.

ఆ రాత్రి పెద్ద వాన. పెట్టె వరండా చివర ఉంది.

తెల్లవారి లలిత పెట్టెలోకి దూకింది. ధబ్! అడుగు ఊడిపోయింది. లలిత పాదాలు నేల మీదే ఉన్నాయి.

పెట్టె పక్కన ఒక గొడుగు బొమ్మ ఉంది. లలిత దాన్ని చూసింది. "గొడుగు ఎందుకో ఇప్పుడు తెలిసింది" అంది.

అడుగు లేని రాకెట్ పైకి పోదు. తాత పెట్టెను ఎండలో పెట్టాడు.

మధ్యాహ్నం బండికి నెల్లూరు నుంచి పిన్ని, బాబాయి, వాసు వచ్చారు. మర్నాడే దీపావళి. వాసుకు నాలుగేళ్లు.

లలిత పెట్టెలో నిలబడి ఉంది. తల పైన, పాదాలు నేల మీద. వాసు పెట్టె చుట్టూ తిరిగాడు. గాజు గ్లాసు బొమ్మ మీద వేలు పెట్టాడు.

"అక్కా, ఒక గ్లాసు మజ్జిగ" అన్నాడు.

లలిత వంగి కిటికీలోంచి చూసింది. "చింతపిక్కలు తెచ్చావా?"

"ఎన్ని?"

"రెండు."

వాసు వంటింట్లోకి పరుగెత్తాడు. రెండు చింతపిక్కలు కిటికీలోకి వెళ్లాయి. లలిత చెంబు వంచింది. గ్లాసు కిటికీలోంచి బయటికి వచ్చింది.

తాత వచ్చాడు. పిన్ని వచ్చింది. బాబాయి అప్పు అడిగాడు.

"అప్పు లేదు" అంది లలిత.

"లేదు" అన్నాడు వాసు కూడా.

మర్నాడు బోణీ వాసుదే. ఆ మర్నాడూ వాసుదే.

నాలుగో రోజు వాసు బట్టలు సంచిలోకి వెళ్లాయి. వాసు కొట్టు దగ్గరికి వచ్చాడు. ఒక గ్లాసు తాగాడు. ఇంకో గ్లాసు అడిగాడు. ఇంకోటి అడిగాడు.

"నెల్లూర్లో ఈ కొట్టు లేదు" అన్నాడు.

లలిత ఏమీ అనలేదు. పెట్టెలోంచి బయటికి వచ్చింది. కిటికీ అంచు ముట్టుకుంది. బాణాలు ముట్టుకుంది. తర్వాత, "తాతా, ఇటు పట్టుకో" అంది.

తాత అటు, లలిత ఇటు. అడుగు లేని పెట్టె ఇట్టే అణిగింది. లలిత దానికి తాడు కట్టింది. స్కెచ్ పెన్నుతో "వాసు" అని రాసింది.

వాసు ఆ తాడు అక్కడే విప్పేశాడు. పెట్టెను లేపి నిలబెట్టాడు. బాణాలు కిందికి చూపిస్తున్నాయి.

లలిత చెయ్యి ముందుకు పోయింది. మళ్లీ వెనక్కి వచ్చింది.

వాసు మునివేళ్ల మీద లేచాడు. పెట్టెలోకి తొంగిచూశాడు. "ఓ..." అన్నాడు. పెట్టె కూడా "ఓ..." అంది.

"అక్కా, బావి!"

లలిత తాడు తీసింది. మజ్జిగ చెంబు మెడకు కట్టింది. వాసు చేతికిచ్చింది. చెంబు లోపలికి దిగింది.

"వాసూ, బండికి టైమయింది. రా" అన్నాడు బాబాయి.

"ఉండు నాన్నా" అన్నాడు వాసు. "ఇంకా నీళ్లు తగల్లేదు."

ఎలా సరిచూసుకోవాలి

మొదటి పరీక్ష పెట్టెకు. కథలో "పెట్టె" ఉన్న ప్రతిచోటా "పాత చీర" అని పెట్టి చదవండి. చీరతో గుడారం వేయవచ్చు, కొట్టు పెట్టవచ్చు, మడిచి ఇవ్వవచ్చు. మీ కథ చీరతో కూడా అలాగే సాగిపోతే పెట్టె అందులో ఏ పనీ చేయడం లేదన్నమాట. పై కథలో చీర పెట్టగానే బాణాలు పోతాయి, అడుగు ఊడదు, బావిలో గొంతు మారుమోగదు. ఆ మూడూ పోతే కథ నిలబడదు, అంటే పెట్టె తన పని చేస్తోంది.

రెండో పరీక్ష వరసకు. కొట్టు భాగాన్ని కాగితంతో మూసి మిగిలినది చదవండి. కానుక అర్థమవుతుందా? పై కథలో చెంబు ఎక్కడిదో తెలియదు, వాసుకు ఈ పెట్టె ఎందుకు కావాలో తెలియదు, కనుక కొట్టు అవసరమే. అలాగే వానను మూసి చూడండి. ఏ భాగాన్ని మూసినా తేడా తెలియకపోతే ఆ భాగాన్ని తీసేయండి, ఎంత ముద్దుగా ఉన్నా సరే.

మూడో పరీక్షకు నిజమైన పెట్టె కావాలి. రాసినదంతా దానితో చేసి చూడండి. కూర్చున్న పిల్లల తల అందే ఎత్తులో కిటికీ కోస్తే, నిలబడినప్పుడు అది వాళ్ల పొట్ట దగ్గరికి వస్తుంది. అందుకే పై కథలో లలిత వంగి చూస్తుంది. పెట్టెను తలకిందులు చేస్తే కిటికీ కింది సగంలోకి పోతుంది, గ్లాసూ గొడుగూ తిరగబడతాయి. ఈ వివరాలు బొమ్మలు వేసేవారికి రాసి ఇవ్వాలి. లేకపోతే ఒక పేజీలో ఉన్న కిటికీ మరో పేజీలో మాయమవుతుంది, పెద్దలు గమనించకపోయినా పిల్లలు వేలు పెట్టి చూపిస్తారు. అట్టను కోయడం ప్రతిసారీ పెద్దల చేతుల్లోనే ఉండాలి, కథలోనూ, మీరు చేసి చూసేటప్పుడూ. దళసరి అట్ట మీద కత్తి జారుతుంది.

నాలుగోది గట్టిగా చదవడం. తాత చప్పుడు చేయడానికి ముందు మీరు ఆగవలసి వస్తుంది. గడియారం చూడడం, కళ్లజోడు తుడుచుకోవడం అక్కడ పెట్టినది అందుకోసమే, చదివేవారికి ఆగే చోటు దొరుకుతుంది. నాలుక తడబడిన వాక్యం దగ్గర పెన్సిలుతో గీత పెట్టి, దాన్ని రెండు వాక్యాలు చేయండి.

చివరిగా పిల్లలకు వినిపించండి. "కథ బాగుందా?" అని అడగవద్దు, బాగుందనే అంటారు. వింటుండగా వాళ్లను గమనించండి. తాత ఆగినచోట వాళ్లే ముందుగా చప్పుడు చేస్తే రాకెట్ భాగం కుదిరినట్టు. బాణాలు కిందికి తిరిగినప్పుడు "తప్పుగా పెట్టాడు" అని ఎవరైనా అంటే, మొదట చూపిన బాణాలు వాళ్లకు గుర్తున్నట్టు. ఎవరూ ఏమీ అనకపోతే బాణాలను మొదటి పేజీల్లో సరిగా చూపించలేదని అర్థం, అక్కడికి తిరిగి వెళ్లి సరిచేయండి. చివర్లో వివరణ వాక్యం చేర్చడం వల్ల ఉపయోగం ఉండదు. కథ అయ్యాక "మరి లలితకు పెట్టె లేదు కదా?" అని అడిగే పిల్లలు తప్పకుండా ఉంటారు. దానికి జవాబుగా ఇంకో పెట్టెను కథలోకి తేవద్దు. కొత్త పెట్టె వస్తే లలిత ఇచ్చినదానికి విలువ పోతుంది. "ఏం చేస్తుందంటావు?" అని ఆ పిల్లలనే అడిగి, వాళ్లు చెప్పేది వినండి.